డయాలసిస్ ఇంటికి డ్రైవర్: హనుమకొండలో ఒక కేసు

ఈ కేసు 2025 మార్చిది. ఇంటిపనివాళ్లను, డ్రైవర్లను, ఇంటికొచ్చి చదువు చెప్పే టీచర్లను కుదిర్చే చిన్న ఆఫీసు మాది, హనుమకొండలో. వచ్చే కేసుల్లో చాలావరకు రెండు ఫోన్లతో, ఒక జీతం లెక్కతో తేలిపోతాయి. ఇది అలా తేలలేదు. కాగితం మీద ఏం రాసుకోవాలో, ట్రయల్‌లో ఏం చూడాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు. పేర్లు, వీధులు రాయడం లేదు.

నయీంనగర్ వైపు ఉండే రిటైర్డ్ లెక్చరర్ దంపతులు. సార్‌కు కిడ్నీ సమస్య. సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్, పొద్దున ఆరున్నర షిఫ్టు. అంతకుముందు సారే కారు నడుపుకునేవారు. ఇప్పుడు డాక్టర్ వద్దన్నారు. బెంగళూరులో ఉండే కూతురు ఫోన్ చేసి, నెలకు 15 వేలలో మంచి డ్రైవర్ కావాలని అడిగింది. ఆటోలో వెళ్లి రావచ్చు కదా అని నేనే అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు కళ్లు తిరుగుతాయని, ఆటో కుదుపులకు ఒకసారి వాంతి అయిందని చెప్పింది. దాంతో నాకు కావలసిన సమాచారం దొరికింది. ఈ ఇంటికి కావలసింది హైవే మీద దూసుకెళ్లే డ్రైవర్ కాదు. నెమ్మదిగా బ్రేకు వేసేవాడు, తెల్లవారుజామున తప్పకుండా వచ్చేవాడు, నాలుగైదు గంటలు విసుక్కోకుండా కూర్చునేవాడు.

మొదట ముగ్గురి వివరాలు తీశాం.

మొదటి అబ్బాయి వాళ్ల బంధువుల డ్రైవర్‌కు తమ్ముడు. కాబట్టి మేడంకు అప్పటికే ఇష్టం కుదిరింది. లైసెన్స్ ఫొటో వాట్సాప్‌లో పంపాడు, కానీ ముందు వైపు ఒక్కటే. వెనుక వైపు అడిగితే కార్డు ఊళ్లో ఉందన్నాడు. లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ ఉంటే పరివాహన్ సైట్‌లోని సారథి విభాగంలో ఎవరైనా చూసుకోవచ్చు. చూస్తే లైసెన్స్ Active అనే ఉంది, గడువూ ఉంది. కానీ బండి క్లాస్ దగ్గర MCWG మాత్రమే కనబడింది, అంటే గేర్ ఉన్న మోటార్ సైకిల్. కారుకు LMV ఉండాలి. ఆ అబ్బాయి కారు బాగానే నడుపుతాడట, కాదనను. కానీ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ముందు అడిగేది ఆ ఒక్క లైనే. చాలామంది కార్డు ఉందా, గడువు ఉందా అని చూసి ఆగిపోతారు. క్లాస్ చూడరు. ఇంకో మాట, సొంత కారు నడపడానికి LMV ఉంటే సరిపోతుంది. ట్యాక్సీవాళ్లకు ఉండే బ్యాడ్జీ ఉండాలని పట్టుబట్టి మంచివాళ్లను వదులుకునే ఇళ్లూ చూశాను.

రెండో అతని కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. పాత యజమాని అంటూ ఒక నంబరు ఇచ్చాడు. ఫోన్ చేస్తే అవతలివాళ్లు తెగ పొగిడారు. పొగడ్త విని ఊరుకోకూడదు. ఎవరికైనా నేను అడిగేవి చిన్న ప్రశ్నలే. మీ కారు ఏది? పెట్రోలా, డీజిలా? పొద్దున ఎన్నింటికి వచ్చేవాడు? వారం సెలవు ఏ రోజు? ఎందుకు మానేశాడు? ఈ ప్రశ్నలే అంతకుముందు అతన్నీ అడిగి రాసుకుంటాను. ఇతను డీజిల్ బండి అన్నాడు, వాళ్లు పెట్రోల్ అన్నారు. ఇతను ఆదివారం సెలవు అన్నాడు, వాళ్లకు సెలవే గుర్తు లేదు. మళ్లీ అడిగితే, ఆ నంబరు మేనమామ కొడుకుదని అతనే ఒప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే, ముందు పని చేసిన చోట గొడవ పడి వచ్చేశానని నేరుగా చెప్పి ఉంటే నేను ఇంకో అడుగు ముందుకేసేవాణ్ణే. గొడవలు అందరికీ ఉంటాయి.

మూడో అతను ధర్మసాగర్ వైపు ఊరివాడు. నలభైకి దగ్గర వయసు. హైదరాబాద్‌లో కొన్నేళ్లు క్యాబ్ నడిపి, తల్లికి బాగాలేక ఊరికి వచ్చేశాడు. లైసెన్స్‌లో LMV ఉంది. పాత యజమాని ఒక స్కూల్ కరస్పాండెంట్. ఆయన చెప్పిన వివరాలు, ఇతను చెప్పినవి ఒకటే. "పని మంచిగనే చేస్తడు సార్, కానీ ఒక్కోసారి మొహమ్మీద అనేస్తడు" అన్నాడాయన. రెఫరెన్స్‌లో ఒక లోపం కూడా చెప్పేవాళ్లను నేను ఎక్కువ నమ్ముతాను.

ఆధార్ కాపీలో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్డ్ ఆధార్ చాలు. దాని మీద "డ్రైవర్ ఉద్యోగం కోసం మాత్రమే" అని రాయించి తేదీ వేయించాం. కాపీ మీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ యాప్‌తో స్కాన్ చేస్తే పేరు, ఫొటో సరిపోయిందో లేదో తెలుస్తుంది. ఒరిజినల్ కార్డు గానీ, లైసెన్స్ గానీ ఇంట్లో పెట్టుకోవడం మాత్రం వద్దన్నాను. మేడం ముందు ఒప్పుకోలేదు. "మరి వెళ్లిపోతే ఎట్లా?" అన్నారు. లైసెన్స్ మన బీరువాలో ఉంటే అతను రోడ్డు మీద చూపించేది ఏముంటుంది? పైగా ఇంకొకరి గుర్తింపు కాగితం దగ్గర పెట్టుకుని పని చేయించుకోవడం రేపు మనకే మెడకు చుట్టుకుంటుంది.

ఆ ఏరియా పోలీస్ స్టేషన్‌లో ఫొటో, ఆధార్ కాపీ, రెండు అడ్రసులు ఇచ్చి వెరిఫికేషన్‌కు పెట్టించాం. దీని మీద జనానికి ఉన్న నమ్మకం కొంచెం ఎక్కువ. రికార్డుల్లో కేసు ఉంటే బయటపడుతుంది. కేసు లేకపోతే లేదని అర్థం, అంతే. తాగుడు గురించి, అప్పుల గురించి, కోపం గురించి ఆ కాగితం ఏమీ చెప్పదు. అందుకే మా ఆఫీసు కుర్రాడు ఊళ్లో ఇల్లు కూడా చూసి వచ్చాడు. తల్లి నిజంగానే మంచంలో ఉంది. పక్కింటివాళ్లు ఇతను రాత్రి ఎనిమిది దాటితే ఇల్లు కదలడన్నారు. మాకు పనికొచ్చిన మాట అదే. అయిదు ముప్పావుకు హనుమకొండలో ఉండాల్సినవాడు రాత్రి పెందలాడే పడుకోవాలి.

ఇక కాగితం. నేను రాసే ఒప్పందం రెండు పేజీలు దాటదు. స్టాంపు పేపర్ కావాలా అని అందరూ అడుగుతారు. ఇద్దరూ చదివి సంతకం పెడితే తెల్ల కాగితం మీదిదైనా ఒప్పందమే. కోర్టు దాకా పనికి రావాలనుకుంటే స్టాంపు సంగతి లాయరును అడగాలి. కానీ ఇంటిపని ఒప్పందం కోర్టు కోసం కాదు. మనిషిని బలవంతంగా పనిలో కొనసాగించమని ఏ కోర్టూ ఆదేశించదు. మామూలు రోజుల గురించి ఇద్దరికీ గొడవ ఉండదు. గొడవంతా మామూలు కాని రోజుల గురించే. కాగితం వాటికోసమే.

మా ఆఫీసులో అందరం కూర్చున్నప్పుడు డ్రైవరే మొదట అడిగాడు.

"అమ్మా, పొద్దుగాల ఆరింటికి ముందే రమ్మంటే వస్త. మరి దవాఖాన్ల కూసున్న టైము గూడ డ్యూటీనే గదా?"

మేడం నా వైపు చూశారు. సార్ మాత్రం, "కూర్చున్నదానికి కూడానా?" అన్నారు. ఆయన ఉద్దేశం తప్పు కాదు. బండి నడిపేది రానూపోనూ గంట కూడా ఉండదు. కానీ ఆ నాలుగు గంటలు అతను ఇంకో పని చేసుకోలేడు కదా. ఆ సమయాన్ని లెక్కలోకి తీసుకోకపోతే రెండు వారాలకే "ఊరికే పది నిమిషాలు బయటికి పోయొస్త" మొదలవుతుంది. సార్ బయటికి వచ్చే సమయానికి బండి ఉండదు. కాబట్టి మొదటి లైనే ఇలా రాశాం: "ఆస్పత్రిలో వేచి ఉండే సమయం డ్యూటీ కిందే లెక్క. డయాలసిస్ రోజుల్లో డ్యూటీ పొద్దున 5.45 నుంచి మధ్యాహ్నం 2.45 వరకు. మిగతా రోజుల్లో 9 నుంచి 6 వరకు. ఆదివారం సెలవు."

ఇది ఒప్పుకోవడంతో 15 వేల మాట 16 వేలకు వెళ్లింది. తొమ్మిది గంటలు దాటితే గంటకు 100. హైదరాబాద్ వెళ్లి అదే రోజు వస్తే బత్తా 400, భోజనం ఇంటివాళ్లది. రాత్రి ఉండాల్సి వస్తే ఇంకో 300, పడుకునే చోటు ఇంటివాళ్లు చూపించాలి. టోల్ ఫాస్టాగ్‌లోంచే పోతుంది కాబట్టి కొమళ్ల, గూడూరు ప్లాజాల దగ్గర డ్రైవర్ జేబులోంచి ఏమీ పెట్టక్కర్లేదు. ఇవన్నీ చిన్న అంకెలే. కానీ రాసి లేకపోతే ప్రతి ప్రయాణం తర్వాతా ఇద్దరూ మొహమాటపడతారు, ఆ మొహమాటమే మూడు నెలలకు కోపం అవుతుంది.

చలాన్ల గురించి: సిగ్నల్ దాటడం, వేగం, డ్రైవింగ్‌లో ఫోన్ లాంటివి డ్రైవర్‌వి. ఇంటివాళ్లు ఆపమన్న చోట ఆపితే పడే పార్కింగ్ చలాన్, కాగితాల గడువు తీరితే పడేది ఇంటివాళ్లవి. గీతలు, సొట్టల ఖర్చు జీతంలో కోసే షరతు మాత్రం నేను రాయను, అడిగినా వద్దంటాను. డబ్బు కోస్తారన్న భయం ఉన్న డ్రైవర్ దెబ్బ తగిలితే చెప్పడు. టైరు పక్కన దెబ్బ తగిలిన సంగతి దాచితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇన్సూరెన్స్ కాగితం తీస్తే ఇంకో సంగతి బయటపడింది. ఇన్నాళ్లూ సారే నడిపారు కాబట్టి పాలసీలో పెయిడ్ డ్రైవర్ కవర్ లేదు. డ్యూటీలో ఉన్న డ్రైవర్‌కు ఏదైనా అయితే పరిహారం బాధ్యత యజమాని మీద పడుతుంది. దానికే ఈ కవర్. పాలసీలో IMT 28 అనే నంబరుతో కనిపిస్తుంది. దీనికి ఏడాదికి కట్టాల్సింది పెద్ద మొత్తం కాదు. ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంది కదా అన్నారు సార్. అది ఓనర్‌కే, జీతం తీసుకునే డ్రైవర్‌కు వర్తించదు. ఏజెంట్‌కు చెప్పి ఎండార్స్‌మెంట్ వేయించి, ఆ కాగితం చేతికొచ్చాకే తాళం ఇచ్చారు.

ట్రయల్ 15 రోజులు పెట్టాం. జీతం పూర్తిగా, అంటే 8,000. ఊరికే నాలుగు రోజులు చూస్తాం, నచ్చితే జీతం మొదలుపెడతాం అనే ఇళ్లకు నేను మనిషిని పంపను. ట్రయల్‌లో ఎవరికి నచ్చకపోయినా ఒక రోజు ముందు చెబితే చాలు. తర్వాత 15 రోజుల నోటీసు, రెండువైపులా.

మొదటి రోజు సార్ లేకుండా కూతురు కూర్చుని వెళ్లింది. హనుమకొండ చౌరస్తా రద్దీలో ఒకసారి, కాజీపేట బ్రిడ్జి ఎక్కుతూ ఒకసారి ఆపించమని ముందే చెప్పాను. ఎత్తు మీద ఆగిన బండి వెనక్కి జారకుండా, ఎగిరిపడకుండా కదులుతుందా అన్నదే చూడాలి. అది బాగుంది. అసలు పరీక్ష సోమవారం వచ్చింది. డయాలసిస్ అయ్యాక సార్‌ను బండి ఎక్కించేటప్పుడు, డ్రైవర్ మర్యాదగానే ఎడమ చేయి పట్టుకుని లాగబోయాడు. మేడం కేక వేశారు. ఫిస్టులా ఉన్నది ఆ చేతికే. డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళం అది. దాన్ని నొక్కకూడదు, పట్టుకుని లాగకూడదు, ఆ చేతికి బీపీ కూడా చూడరు. పాపం, ఆ మనిషికి ఎలా తెలుస్తుంది? ఆ సాయంత్రం కాగితంలో ఇంకో లైను చేర్చాం: "కుడి వైపు నుంచే సాయం. లేచాక రెండు నిమిషాలు కూర్చోబెట్టి, కళ్లు తిరగడం లేదని చెప్పాకే నడిపించాలి." డయాలసిస్ తర్వాత బీపీ పడిపోవడం మామూలే, ఒక్కసారిగా లేస్తే పడిపోతారు. రోగి ఉన్న ఇల్లయితే ఇలాంటివి ట్రయల్‌కు ముందే ఇంటివాళ్లను అడిగి రాసుకోవాలి. ఇప్పుడు మా ఫారంలో దీనికి ఒక గడి ఉంది.

రెండో వారం పెట్రోల్ దగ్గర టెన్షన్ మొదలైంది. నేను ప్రతి ఇంట్లోనూ చెప్పేది ఒకటే. డబ్బులిచ్చి కొట్టించుకురమ్మని పంపకండి, ప్రతి ఆదివారానికి ముందు ట్యాంకు నింపి, మీటరు అంకె, లీటర్లు రాసుకోండి. నింపిన ట్యాంకు నుంచి మళ్లీ నింపిన ట్యాంకు దాకా అయితేనే లెక్క సరిగ్గా వస్తుంది. మొదటి వారం సుమారు 150 కిలోమీటర్లకు పదిన్నర లీటర్లు పట్టింది. రెండో వారం అంతే తిరిగినా 13 లీటర్లు దాటింది. కూతురు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "అంకుల్, పెట్రోల్ తీస్తున్నట్టున్నాడు" అంది.

ఇక్కడ తొందరపడితే మనిషి పోతాడు. బిల్లులు చూశాను, బంకు ఒకటే, లీటర్లు బండి చూపించినదానికి సరిపోతున్నాయి. ట్యాంకులోంచి తీసేవాడు రెండున్నర లీటర్ల కోసం ఉద్యోగం పోగొట్టుకుంటాడా అని కూడా అనిపించింది. ఎక్కడ తేడా వచ్చిందని డ్రైవర్‌నే అడిగాను. దాచలేదు. మొదటి వారం లోపల అటెండెంట్ల హాల్లో కూర్చున్నాడట. తర్వాత సెక్యూరిటీవాళ్లు పేషంట్‌కు ఒక్కరే అన్నారు. మేడం లోపల ఉన్నారు కాబట్టి ఇతను బయటికి వచ్చాడు. మార్చి ఎండలో బండిలో ఏసీ వేసుకుని, షిఫ్టుకు గంటకు పైనే కూర్చున్నాడు. ఆగి ఉన్న బండి ఏసీతో గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. వారానికి మూడు షిఫ్టులు. లెక్క అక్కడికక్కడే సరిపోయింది.

తప్పు ఎవరిదని తేల్చడం కంటే అతను ఎక్కడ కూర్చోవాలో తేల్చడం ముఖ్యం. కాగితంలో వేచి ఉండాలని రాశాం గానీ ఎక్కడ ఉండాలో రాయలేదు. బండి ఆస్పత్రి దగ్గరే నీడలో పెట్టి తాళం వేసి, సార్‌ను లోపల కూర్చోబెట్టాక పది గంటల దాకా అతను ఎక్కడైనా ఉండవచ్చని, ఫోన్ మాత్రం ఎత్తాలని, పది గంటలకు బండి దగ్గర ఉండాలని మార్చాం. ఆ సమయం కూడా డ్యూటీ లెక్కలోనే. ఆగిన బండిలో ఏసీ, సార్ ఎక్కడానికి పది నిమిషాల ముందు నుంచే. మూడో వారం పెట్రోల్ మొదటి వారం లెక్కకే వచ్చింది.

ట్రయల్ ముగిసినరోజు సార్‌ను, మేడంను, డ్రైవర్‌ను విడివిడిగా ఎలా ఉందో అడిగాను. సార్ ఒక్క మాట అన్నారు, బ్రేకు వేసినట్టు తెలియడం లేదని. నాకది చాలు.

జూన్‌లో డ్రైవర్ కూతురి స్కూల్ ఫీజు కోసం 10 వేలు అడ్వాన్స్ అడిగాడు. అడ్వాన్స్ సగం నెల జీతం దాటకూడదని కాగితంలో ఉంది కాబట్టి 8,000 ఇచ్చారు, నెలకు 1,000 చొప్పున కోత. పక్కనే ఇంకో వాక్యం రాసి ఉంది: మధ్యలో మానేస్తే మిగిలింది ఆఖరి జీతంలో సర్దుకోవాలి తప్ప, బాకీ తీరేదాకా పని చేయాలనే షరతు లేదు. ఇది దయ కాదు. అప్పు చూపించి మనిషిని పనికి కట్టేయడం 1976 నాటి వెట్టి చాకిరీ నిషేధ చట్టం కింద నేరం. పల్లెల్లో పాలేర్ల గురించే ఆ చట్టం అనుకుంటారు, పట్నంలో ఇళ్లకూ వర్తిస్తుంది. జులై జీతం స్లిప్పు నా దగ్గర ఉంది: జీతం 16,000, అదనపు గంటలు ఎనిమిదికి 800, హైదరాబాద్ ఒకసారి 400, కోత 1,000. చేతికి 16,200. సంతకం పెట్టించుకోవడంతో పాటు ఫోన్‌పేలో పంపడం మంచిది, తేదీ దానంతటదే ఉంటుంది.

చివరి పరీక్ష ఈ ప్రాంతంలో రెండేళ్లకోసారి ప్రతి డ్రైవర్ ఇంటికీ వచ్చేదే. మేడారం జాతర. ఆ నాలుగు రోజులు వరంగల్ చుట్టుపక్కల ఖాళీగా ఉన్న డ్రైవర్ దొరకడు. ట్రావెల్స్‌వాళ్లు రోజుకు మామూలు కంటే ఎన్నో రెట్లు ఇస్తారు. పైగా చాలామందికి మొక్కులు ఉంటాయి, బెల్లం తూకం ఇవ్వాలి. వెళ్లొద్దంటే చెప్పకుండా పోతారు. అందుకే నేను రాసే ప్రతి ఒప్పందంలో జాతర లైను ఉంటుంది: 15 రోజుల ముందు చెబితే రెండు రోజులు జీతంతో సెలవు, ఇంకా కావాలంటే జీతం లేకుండా. ప్రత్యామ్నాయం మా ఆఫీసు చూపించాలి.

2026 జాతర జనవరి 28 నుంచి 31 వరకు. బుధవారం నుంచి శనివారం. అంటే రెండు డయాలసిస్ రోజులు అందులోనే. అతను సంక్రాంతికి ముందే చెప్పాడు, నాలుగు రోజులూ కావాలని. రెండు రోజులు ట్రావెల్స్ బండికి పోతానని కూడా దాచకుండా చెప్పాడు. సార్ కొంచెం నొచ్చుకున్నారు. నేను మాత్రం కాగితం ప్రకారమే పొమ్మన్నాను. జీతం లేని రెండు రోజులకు 1,066 కోత. ప్రత్యామ్నాయంగా రిటైరైన ఒక ఆర్టీసీ డ్రైవర్‌ను రోజుకు 1,500కు కుదిర్చాను. ఆయన లైసెన్స్ కూడా సారథిలో చూశాం, పెద్దమనిషి కదా అని వదల్లేదు. అంతకుముందు సోమవారం షిఫ్టుకు ఆయన్ను రెగ్యులర్ డ్రైవర్ పక్కన కూర్చోబెట్టి పంపాం. ఏ గేటు దగ్గర ఆపాలి, ఏ వైపు నుంచి ఎక్కించాలి, ఏ చేయి పట్టుకోకూడదు అన్నది డ్రైవరే ఆయనకు చూపించాడు.

ఆదివారం వచ్చి బెల్లం ప్రసాదం ఇచ్చి, సోమవారం 5.40కి గేటు దగ్గర ఉన్నాడు. మార్చిలో ఒప్పందం ఏడాదికి కొత్తది రాయాలి. జీతం 17,500 అడుగుతున్నాడు, ఇంటివాళ్లు 17 వేలంటున్నారు. ఏసీ లైను, కుడి చేయి లైను కొత్త కాగితంలో మొదటి పేజీలోకి వస్తాయి.